తలసరి ఆదాయం పెరిగిందట, మరి నడిమి ఇంటి సంగతేమిటి?

(బొమ్మనహళ్ళిలో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట మీరంతా పదో తరగతి లెక్కల పుస్తకంలో చదివినదే. మధ్యగతం. సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడూ ఒకే పాఠంలో వస్తాయి. పరీక్ష రాసి మరచిపోతాం. కానీ రోజూ పేపర్లో వచ్చే ఆదాయాల వార్త మన ఇంటి గురించి చెబుతోందా, ఇంకెవరి ఇంటి గురించో చెబుతోందా అని తేల్చుకోవాలంటే ఆ పాఠమే కావాలి.

ముందు ఒక వార్త చూద్దాం. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం సుమారు 3 లక్షల 79 వేల రూపాయలని ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మనం ఉంటున్న కర్ణాటక కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది. దేశం మొత్తానికి చూస్తే అది 2 లక్షల పైచిలుకు. ఈ 3 లక్షల 79 వేలు ఒక్క మనిషికి, ఒక ఏడాదికి. పన్నెండుతో భాగిస్తే నెలకు 31 వేల పైన. ఇది సంపాదించే మనిషికి మాత్రమే కాదు, ఒళ్ళో పసిబిడ్డకూ, మంచంలో ఉన్న అవ్వకూ కూడా. కాబట్టి నలుగురున్న ఇంటికి నెలకు లక్షా 26 వేలు రావాలి.

ఇప్పుడు ఈ గదిలో ఉన్నవాళ్ళను తలచుకోండి. గార్మెంట్స్‌లో టైలర్‌గా చేసే అక్కలున్నారు. అనంతపురం, మదనపల్లె, కదిరి వైపు నుంచి బేల్దారి పనికి వచ్చిన అన్నలున్నారు. ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ చేసేవాళ్ళున్నారు. ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఉన్నారు. నలుగురున్న ఇంట్లో నెలకు లక్షా 26 వేలు వచ్చే కుటుంబాలు మన వీధిలో ఎన్ని? వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు. మరి పేపర్ అబద్ధం రాసిందా? లేదు, అంకె సరైనదే. అయితే ఆ అంకె జవాబిచ్చిన ప్రశ్న వేరు, మన మనసులో ఉన్న ప్రశ్న వేరు.

పదకొండు ఇళ్ళ పల్లె

దీన్ని ఒక పల్లెతో చూద్దాం. ఇది నేను లెక్క కోసం కల్పించిన పల్లె, ఏ ఊరూ కాదు. మీ ఊరి చివర ఉన్న చిన్న పల్లె అనుకోండి. 11 ఇళ్ళున్నాయి. ప్రతి ఇంటికీ నెలకు ఎంత వస్తుందో తెలుసుకుని, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాద్దాం.

మొదటి ఇంట్లో ఒంటరి అవ్వ ఉంది. పింఛను 4 వేలు, అంతే. రెండో ఇంటికి 7 వేలు, మూడో ఇంటికి 8 వేలు, నాలుగో ఇంటికి 9 వేలు, అయిదో ఇంటికి 10 వేలు. ఇవన్నీ కూలి ఇళ్ళు. ఆరో ఇంటికి 11 వేలు. ఏడో ఇల్లు రెండెకరాల వేరుశనగ రైతు, 12 వేలు. ఎనిమిదో ఇంటికి 14 వేలు, తొమ్మిదో ఇంటికి 16 వేలు. పదో ఇంట్లో ఆటో, పాడి రెండూ ఉన్నాయి, 19 వేలు. పదకొండో ఇల్లు పెద్ద రైతుది, 22 వేలు.

అన్నీ కూడితే లక్షా 32 వేలు. 11తో భాగిస్తే 12 వేలు. ఇది సగటు. అంటే ఆ ఊరి డబ్బంతా ఒక గంపలో పోసి అందరికీ సమానంగా పంచితే తలా ఇంత వస్తుందని. నిజంగా ఎవరూ పంచలేదు, పంచితే ఎంత వస్తుందో లెక్క చెప్పింది.

మధ్యగతానికి కూడికా లేదు, భాగహారమూ లేదు. వరుసలో నిలబెట్టి నడిమి ఇంటి తలుపు తట్టడమే. 11 ఇళ్ళలో ఆరో ఇల్లు నడిమి ఇల్లు. దానికి అటు అయిదు, ఇటు అయిదు. ఆ ఇంటి ఆదాయం 11 వేలు. అదే మధ్యగతం. ఇళ్ళు సరి సంఖ్యలో ఉండి నడిమిన రెండు ఇళ్ళు వస్తే, ఆ రెండింటి ఆదాయాలూ కూడి సగం చేయాలి.

ఇప్పటికి సగటు 12 వేలు, మధ్యగతం 11 వేలు. పెద్ద తేడా లేదు. ఈ ఊళ్ళో మనుషుల మధ్య దూరం కూడా పెద్దగా లేదు కాబట్టి రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మరుసటి ఏడు పదకొండో ఇంటి ఆయన తన గుట్ట పక్క భూమిలో కంకర క్రషర్ పెట్టాడు. బయటి నుంచి మిషన్లు తెచ్చాడు, పనివాళ్ళనూ బయటి నుంచే తెచ్చాడు. ఆయన ఆదాయం నెలకు 22 వేల నుంచి 2 లక్షల 20 వేలకు పెరిగింది. మిగతా పది ఇళ్ళకు ఒక్క రూపాయి పెరగలేదు, తగ్గలేదు.

ఊరి మొత్తం ఆదాయం ఇప్పుడు 3 లక్షల 30 వేలు. 11తో భాగిస్తే సగటు 30 వేలు. పోయిన ఏడు 12 వేలు, ఈ ఏడు 30 వేలు. రెండున్నర రెట్లు! ఈ ఊరికి ఒక పేపరుంటే మొదటి పేజీలో ఏం రాస్తుందో మీకు తెలుసు. కానీ ఆరో ఇంటి తలుపు తట్టండి. 11 వేలే. మధ్యగతం కదల్లేదు.

ఇంకొకటి చూడండి. పదో ఇంటి ఆదాయం 19 వేలు. అది కూడా సగటు కంటే తక్కువే. అంటే 11 ఇళ్ళలో 10 ఇళ్ళు సగటు కంటే కింద ఉన్నాయి. 'సగటు మనిషి' అంటే మనలో చాలామంది లాంటివాడు అనుకుంటాం. ఈ ఊళ్ళో 30 వేలు వచ్చే ఇల్లు ఒక్కటి కూడా లేదు. సగటు ఇల్లు ఏ వీధిలోనూ లేదు, లెక్కల కాగితం మీద మాత్రమే ఉంది.

ఇప్పుడు మూడో ఏడు. ఊరివాళ్ళు వెళ్ళి అడిగారు, మా గుట్ట, మా దుమ్ము, పని మాకే ఇవ్వమని. ఆయన ఒప్పుకున్నాడు. పది ఇళ్ళకూ నెలకు తలా 2 వేలు అదనంగా వచ్చేలా పని దొరికింది. ఆయన ఆదాయం 2 లక్షల 20 వేల నుంచి 2 లక్షలకు తగ్గింది. ఊరి మొత్తం ఎంత? అదే 3 లక్షల 30 వేలు. సగటు? అదే 30 వేలు. పేపర్లో 'ఈ ఏడు ఎదుగుదల లేదు' అని వస్తుంది. కానీ ఆరో ఇంటికి 11 వేలు పోయి 13 వేలు వచ్చాయి. అవ్వ ఇంటికి 4 వేలు పోయి 6 వేలు వచ్చాయి.

రెండో ఏడు సగటు ఎగిరింది, నడిమి ఇల్లు కదల్లేదు. మూడో ఏడు సగటు కదల్లేదు, నడిమి ఇల్లు ముందుకు వచ్చింది. సగటుకు పంపకం కనబడదు, మొత్తమే కనబడుతుంది. ఈ రోజు మీరు ఒక్క ముక్కే గుర్తు పెట్టుకుంటే ఇది పెట్టుకోండి.

మన దేశం లెక్క

ఇది కల్పించిన పల్లె కాబట్టి అంత తేడా వచ్చింది, నిజంగా అలా ఉంటుందా అని మీరు అడగొచ్చు. నితిన్ కుమార్ భారతి, లూకాస్ షాన్సెల్, తోమా పికెట్టీ, అన్మోల్ సోమంచి అనే నలుగురు ఆర్థికవేత్తలు 2024 మార్చిలో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఆదాయపు పన్ను వివరాలు, ఇంటింటి సర్వేలు, జాతీయ ఖాతాలు కలిపి, 1922 నుంచి మన దేశంలో ఆదాయం ఎవరి చేతికి ఎంత పోతోందో అంచనా వేశారు.

వాళ్ళ అంచనా ప్రకారం 2022-23లో దేశంలో పెద్దవయసు మనిషి సగటు ఆదాయం ఏడాదికి సుమారు 2 లక్షల 35 వేల రూపాయలు. నడిమిన నిలబడ్డ మనిషి ఆదాయం సుమారు లక్షా 5 వేలు. నెలకు చూస్తే ఒకటి 19 వేల 5 వందలు, ఇంకొకటి 8 వేల 7 వందల పైచిలుకు. సగటులో సగం కూడా లేదు.

వంద మందిని ఆదాయం ప్రకారం వరుసలో నిలబెట్టామనుకోండి. నడిమి మనిషి అంటే 50వ వాడు. సగటు ఆదాయం వచ్చే మనిషి ఎక్కడ ఉంటాడు? దాదాపు 90వ స్థానం దాకా నడవాలని ఆ అధ్యయనం చెబుతోంది. కాబట్టి మీ నాన్న సంపాదన సగటు కంటే తక్కువైతే సిగ్గుపడాల్సిన పని లేదు. దేశంలో చాలామంది ఆయనతోపాటు ఆ వరుసలోనే ఉన్నారు. క్రషర్ ఆసామి పాత్ర ఎవరిది? పైన ఉన్న ఒక్క శాతం మందికి మొత్తం ఆదాయంలో 22.6 శాతం పోతోందని అదే లెక్క చెబుతోంది.

ఇవి అంచనాలే. కానీ మధ్యగతాన్ని పట్టుకోవడానికి ఒక్కోసారి పైసలతో సహా కచ్చితమైన అంకెలు కూడా అక్కర్లేదు. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణన ఫలితాలు 2015 జూలైలో వచ్చాయి. పల్లెల్లో ఉన్న దాదాపు 18 కోట్ల ఇళ్ళకు వెళ్ళి, ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదించే మనిషికి నెలకు ఎంత అని అడిగారు. కచ్చితమైన అంకె అడగలేదు. 5 వేల లోపా, 5 నుంచి 10 వేల మధ్యా, 10 వేల పైనా అని మూడు గంపలే పెట్టారు. నూటికి దాదాపు 75 ఇళ్ళు మొదటి గంపలో పడ్డాయి.

ఈ గంపలతో సగటు కట్టలేం. 10 వేల పైన అంటే 11 వేలో 11 లక్షలో తెలియదు. కానీ నూరు ఇళ్ళలో నడిమి ఇల్లు ఎక్కడుందో చిటికెలో చెప్పొచ్చు. 75 ఇళ్ళు 5 వేల లోపు ఉంటే నడిమి ఇల్లు కచ్చితంగా 5 వేల లోపే ఉంటుంది.

పేపర్లో సగటే ఎందుకు వస్తుంది

మరి ఇంత ఉపయోగమున్న మధ్యగతం వార్తల్లో ఎందుకు రాదు? ఎవరో దాచిపెట్టారని వెంటనే అనుకోవద్దు. లెక్క కట్టే పద్ధతిలోనే కారణముంది.

సగటుకు మొత్తం తెలిస్తే చాలు. మనుషులెవరో తెలియక్కర్లేదు. ఎంత పంట పండింది, ధరెంత, కంపెనీల ఖాతాల్లో ఎంత ఉంది, ప్రభుత్వం జీతాలు ఎంత ఇచ్చింది అని కూడుతారు. యంత్రాలు, కట్టడాల అరుగుదల తీసేస్తారు. వచ్చినదాన్ని జనాభాతో భాగిస్తారు. అదే తలసరి ఆదాయం. ఎవరి ఇంటి తలుపూ తట్టలేదు. అందులో కంపెనీలు వాటాదారులకు పంచకుండా అట్టిపెట్టుకున్న లాభం కూడా ఉంటుంది. సొంతింట్లో ఉండేవాళ్ళు తమకు తామే అద్దె కట్టుకున్నట్టు వేసిన లెక్క కూడా ఉంటుంది. ఇవేవీ ఎవరి చేతికీ నోట్ల రూపంలో రావు. కాబట్టి తలసరి ఆదాయం అనేది చేతికొచ్చిన డబ్బుకు సగటు కూడా కాదు, ఉత్పత్తికి సగటు.

ఇంకో మెలిక కూడా ఉంది. రాష్ట్రం లెక్క, జిల్లా లెక్క కట్టేటప్పుడు ఆదాయం ఎక్కడ పుట్టిందో అక్కడ రాస్తారు. కర్ణాటకలో తలసరి ఆదాయంలో బెంగళూరు నగర జిల్లా మొదటి స్థానంలో ఉంటుంది. మన హోసూరు రోడ్డు పక్కన ఆఫీసులో పుట్టిన లాభం మన జిల్లా ఖాతాలో పడుతుంది. ఆ లాభం తీసుకునే వాటాదారు ముంబయిలో ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు. లెక్కలో మాత్రం అది బొమ్మనహళ్ళి గార్మెంట్స్ అక్క తలకు కూడా కొంత పడుతుంది.

మధ్యగతానికి ఈ దారి పనికిరాదు. మనుషులను వరుసలో నిలబెట్టాలంటే ఒక్కొక్కరి ఆదాయం తెలియాలి. దానికి ఇంటింటికీ తిరగాలి. మన దేశంలో ఖర్చుల మీద, ఉద్యోగాల మీద సర్వేలు జరుగుతున్నాయి కానీ, ఇంటి ఆదాయం మొత్తాన్ని పట్టుకునే సర్వే క్రమంగా జరగలేదు. అలాంటి దేశవ్యాప్త కుటుంబ ఆదాయ సర్వేను 2026లో చేపడతామని గణాంకాల మంత్రిత్వ శాఖ 2025లో ప్రకటించింది. దాని ఫలితాలు వచ్చినప్పుడు సగటు పక్కన మధ్యగతం ఇచ్చారా లేదా అని మీరు చూడాలి.

ఇలాంటి సర్వేకు ఒక చిక్కు ఉంటుంది. బాగా డబ్బున్నవాళ్ళు తలుపు తీయరు, తీసినా తక్కువ చెబుతారు. మన పల్లెకే వెళ్దాం. రెండో ఏడు క్రషర్ ఆసామి 2 లక్షల 20 వేలు అని చెప్పకుండా 40 వేలే అని చెప్పాడనుకోండి. సగటు 30 వేల నుంచి 13 వేల 6 వందలకు పడిపోతుంది. ఒక్క మనిషి మాటతో ఊరి సగటు సగానికి పైగా కరిగిపోయింది. మధ్యగతం? 11 వేలే. ఆయన ఎంత చెప్పినా వరుసలో చివరనే ఉంటాడు, నడిమి ఇల్లు మారదు. కొన లాగినా నడుము కదలకపోవడమే మధ్యగతం బలం.

కంపెనీల చట్టం ఏ మాట వాడింది

మధ్యగతం మన దేశ చట్టంలో ఒక చోట స్పష్టంగా ఉంది. కంపెనీల చట్టం, 2013లో 197వ సెక్షన్, దాని కింద 2014లో వచ్చిన నిబంధనల ప్రకారం, స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన ప్రతి కంపెనీ ఏటా ఒక లెక్క చెప్పాలి. ఒక్కొక్క డైరెక్టరుకు ఇచ్చిన ప్రతిఫలం, ఆ కంపెనీ ఉద్యోగుల మధ్యగత ప్రతిఫలానికి ఎన్ని రెట్లో రాయాలి. మధ్యగతం అంటే ఏమిటో కూడా ఆ నిబంధనలోనే వివరించారు. తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి నడిమిది తీయాలని, సరి సంఖ్య వస్తే నడిమి రెండింటి సగటు తీయాలని. మన పదకొండు ఇళ్ళకు చేసింది అదే.

సగటు జీతంతో పోల్చమని ఎందుకు అనలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పెద్ద జీతాలు సగటును కూడా పైకి లాగుతాయి, అప్పుడు రెట్లు తక్కువగా కనబడతాయి. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసేవాళ్ళు మీ కంపెనీ నమోదైనదైతే దాని వార్షిక నివేదిక తెరిచి ఈ లెక్క చూడండి. పెద్ద ఐటీ కంపెనీల్లో ఇది కొన్ని వందల రెట్లు కూడా ఉంటుంది.

అక్కడే ఇంకొకటి కూడా చూడాలి. ఆ వరుసలో ఎవరు నిలబడ్డారు? కంపెనీ సొంత ఉద్యోగులే. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న, నేల తుడిచే అక్క, క్యాంటీన్ తమ్ముడు కాంట్రాక్టరు మనుషులైతే ఆ వరుసలో లేరు. వాళ్ళను కూడా నిలబెడితే నడిమి మనిషి కిందికి జరుగుతాడు. కాబట్టి మధ్యగతం అని కనబడగానే నమ్మేయకూడదు. ఎవరి మధ్యగతం అని అడగాలి.

మధ్యగతానికి కనబడనివి

మధ్యగతానికి కూడా గుడ్డి మచ్చ ఉంది. అది చెప్పకపోతే నేను సగం మాటే చెప్పినట్టు.

మళ్ళీ రెండో ఏటి పల్లెకే వెళ్దాం. వానలు పడలేదు. కూలి పనులు తగ్గాయి. రెండో ఇంటి నుంచి అయిదో ఇంటి దాకా నాలుగు కూలి ఇళ్ళకు నెలకు తలా 2 వేలు తగ్గాయి. 7 వేలు వచ్చే ఇంటికి 5 వేలు, 10 వేలు వచ్చే ఇంటికి 8 వేలు. పొయ్యి మీద ఎసరు తగ్గింది. మధ్యగతం ఎంత? ఆరో ఇల్లు అలాగే ఉంది కాబట్టి 11 వేలే. నడిమి ఇంటిని చూసేవాడికి దాని కింద ఉన్న ఇళ్ళలో ఏం జరుగుతోందో తెలియదు.

అందుకే తెలిసినవాళ్ళు నడిమి ఇంటితో ఆగరు. వరుసలో కింది నుంచి పావు వంతు దగ్గర ఉన్న ఇంటి తలుపు కూడా తడతారు. మన పల్లెలో అది మూడో ఇల్లు. అక్కడ 8 వేలు 6 వేలయింది. కరువు అక్కడ కనబడింది.

ఇంకో పరిమితి కూడా ఉంది. సగటును ఇళ్ళ సంఖ్యతో గుణిస్తే ఊరి మొత్తం వస్తుంది. మధ్యగతాన్ని గుణిస్తే ఏమీ రాదు. ఊరికి బోరు వేయడానికి మొత్తం ఎంత డబ్బు సమకూరగలదో తెలియాలంటే సగటు కావాలి. ఇంటికి ఇంత అని చందా పెడితే మామూలు ఇల్లు మోయగలదా అని తెలియాలంటే మధ్యగతం కావాలి. సమర్థులు ఎంత ఉన్నారు, మోయలేనివాళ్ళు ఎంతమంది అని రెండు వేరు వేరు ప్రశ్నలు.

మన వీధిలో మనమే

ఈ నెలలోనే మీరు చేయగలిగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. మన యువజన శిబిరానికి ఇంటికి ఎంత రుసుము పెట్టాలి, పిల్లల ఫీజులకు సాయం ఏ ఇంటితో మొదలుపెట్టాలి అని ప్రతి ఏడూ మాట్లాడుకుంటాం. సాఫ్ట్‌వేర్ ఇళ్ళు, గార్మెంట్స్ ఇళ్ళు ఒకే గదిలో కూర్చునే చోట సగటు చూసి రుసుము పెడితే, సగం ఇళ్ళు ఏదో ఒక సాకు చెప్పి పిల్లలను పంపవు. కారణం ఎవరూ బయటికి చెప్పరు.

కాబట్టి చీటీలు పంచండి. పేరు రాయవద్దు. చీటీలో రెండే అంకెలు. పోయిన నెల ఇంటికి వచ్చిన మొత్తం, ఆ డబ్బు మీద బతికే మనుషులు ఎంతమంది. ఒక డబ్బాలో వేయించండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, చీటీలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి. నడిమి చీటీ తీయండి. కింది నుంచి పావు వంతు దగ్గర ఉన్న చీటీ కూడా తీయండి. రుసుము నడిమి చీటీ మోయగలిగేలా పెట్టండి. సాయం పావు వంతు చీటీ దగ్గర నుంచి కిందికి లెక్క వేయండి.

ఇందులో తప్పులు ఎక్కడ వస్తాయో కూడా చెబుతాను. ఒకరు పీఎఫ్ పోను చేతికొచ్చింది రాస్తారు, ఇంకొకరు కాగితం మీది జీతం రాస్తారు. ఓటీ డబ్బు కొందరు కలుపుతారు, కొందరు కలపరు. చేతికొచ్చింది, ఓటీతో సహా అని ముందే చెప్పండి. బేల్దారి అన్నకు ఒక నెల 20 రోజుల పని, ఇంకో నెల 8 రోజులు. ఆయన మూడు నెలలది కూడి మూడుతో భాగించి రాయాలి. ఊళ్ళో అమ్మానాన్నలకు డబ్బు పంపేవాళ్ళు వాళ్ళను కూడా మనుషుల లెక్కలో చేర్చాలి.

సేద్యం ఆదాయమైతే నెల లెక్క అసలే కుదరదు. అమ్మకం మొత్తంలో నుంచి విత్తనం, ఎరువు, కూలి, బాడుగ తీసేస్తే మిగిలేదే ఆదాయం, ఒక్కో ఏడు అది సున్నా కిందికి కూడా పోతుంది. మన బెంగళూరులోనే ఉన్న ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ పరిశోధకులు అప్పటి గుంటూరు జిల్లా అనంతవరం, అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లెలో, తర్వాత మన పక్కనే ఉన్న కోలారు జిల్లా సిరెసంద్రలో ఇలాగే ఇంటింటికీ కూర్చుని, పంట పంటకూ ఖర్చు తీసేసి లెక్క కట్టారు. అది ఓపిక కావలసిన పని. మన చీటీల పని ఒక ఆదివారం మధ్యాహ్నంలో అయిపోతుంది.

ఇక మీదట పేపర్లో ఆదాయం పెరిగిందని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది సగటా, మధ్యగతమా? వరుసలో ఎవరిని నిలబెట్టారు, ఎవరిని వదిలేశారు? నడిమి ఇంటికి కింద ఉన్న ఇళ్ళ సంగతేమిటి? ఈ మూడింటికీ ఆ వార్తలో జవాబు లేకపోతే, ఆ వార్త క్రషర్ గురించి చెప్పింది, పల్లె గురించి ఇంకా చెప్పలేదని అనుకోండి.

చీటీలకు కాగితం, డబ్బా ఈ మూల బల్ల మీద ఉన్నాయి.